విప్పేసిన మార్పులు: సెకండ్ హ్యాండ్ బండి కొనేముందు



సెకండ్ హ్యాండ్ బండి కొనబోయేవాళ్లు మామూలుగా నాలుగు ప్రశ్నలు అడుగుతారు. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్నో ఓనరు, యాక్సిడెంట్ ఏమైనా అయిందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది. అయిదో ప్రశ్న ఒకటుంది. కంపెనీ నుంచి వచ్చాక ఈ బండిలో ఏమేం మార్చారు, వాటిలో ఏమేం మళ్లీ తీసేశారు? ఇది అడిగేవాళ్లు చాలా తక్కువ. అందులోనూ రెండో సగాన్ని, అంటే ఏం తీసేశారన్నదాన్ని, దాదాపు ఎవరూ అడగరు. ఈ పూట ఆ సగం గురించే మాట్లాడతాను.

పెద్ద టైర్లు, ఎత్తు పెంచిన సస్పెన్షన్, ముందు వరసగా లైట్లు ఉన్న జీపు రోడ్డు మీద కనిపిస్తే అది మార్చిన బండి అని ఎవరైనా చెప్పగలరు. కొనేవాడు జాగ్రత్తపడతాడు, బేరమాడతాడు, లేదంటే వదిలేస్తాడు. అమ్మేవాడికీ ఆ సంగతి తెలుసు. అందుకని అమ్మకానికి పెట్టే వారం ముందు ఆ సామానంతా విప్పేసి విడిగా అమ్ముకుంటాడు. స్టోర్ రూములో దాచిన కంపెనీ టైర్లు, కంపెనీ స్ప్రింగులు మళ్లీ వేయిస్తాడు. బండిని కడిగి, పాలిష్ పెట్టి, "షోరూం కండిషన్, ఏమీ ముట్టుకోలేదు" అంటాడు. సామాను పోయింది గానీ, ఆ సామానుతో తిరిగిన మూడేళ్లలో క్లచ్ మీద, జాయింట్ల మీద, బేరింగుల మీద పడిన భారం మాత్రం బండిలోనే ఉండిపోయింది. మార్పులు కంటికి కనిపించే బండి కంటే, మార్పులు తీసేసిన ఈ బండే ఎక్కువ ప్రమాదం అంటాను నేను.

విజయవాడ ఆటోనగర్‌లో కొనేవాళ్ల తరఫున బండ్లు చూసిపెట్టడం నా పని. ఈమధ్య అలా చూసిన ఒక బండి సంగతి మొదటినుంచి చెప్తాను. 2021 మోడల్ మహీంద్రా థార్, డీజిలు, గేర్ల బండి. మీటరు మీద 46 వేల కిలోమీటర్లు. ఒక కన్సల్టెన్సీలో అమ్మకానికి పెట్టారు. కొనాలనుకున్న కుర్రాడిది గుంటూరు, కొత్తగా ఉద్యోగంలో చేరాడు. "బాబాయ్, పెయింట్ చూశాను, ఒరిజినలే. ఒక్క గీత లేదు. ఇంకా చూడాల్సింది ఏముంది?" అన్నాడు. వాడు చెప్పినట్టే పెయింట్ బాగుంది. నేను పెయింట్ దగ్గర ఆగకుండా టైర్ల దగ్గర కూర్చున్నాను.

ప్రతి టైరు గోడ మీద కోడిగుడ్డు ఆకారంలో చిన్న గడి ఒకటుంటుంది. దానిలో నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ ఆ టైరు తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 1421 అని ఉంటే 2021లో పద్నాలుగో వారం. ఈ బండి నాలుగు టైర్ల మీదా 2021 అంకెలే ఉన్నాయి. అంటే బండితో పాటు వచ్చిన కంపెనీ టైర్లే. ఆ మాట వినగానే కుర్రాడి ముఖం వెలిగింది, అమ్మే ఆయన ముఖం కూడా. అప్పుడు గ్రిప్పు లోతు కొలిచే చిన్న గేజి గాళ్లలో పెట్టి చూశాను. అరుగుదల కొద్దిగానే ఉంది. 46 వేల కిలోమీటర్లు మోసిన టైరు గ్రిప్పు అంత నిండుగా ఉండదు. టైర్లేమో బండి పుట్టినప్పటివి, అరుగుదలేమో కొన్ని వేల కిలోమీటర్లది. ఈ రెండూ కలవాలంటే ఒక్కటే దారి. ఈ టైర్లు ఎక్కడో గదిలో పడుకుని ఉన్నాయి. బండి తిరిగింది వేరే టైర్ల మీద.

ఇక్కడ చాలామంది పొరబడతారు. పాత తేదీ చూసి, "ఒరిజినల్ టైర్లు, పైగా అరగలేదు, మనకు లాభమే" అనుకుంటారు. తేదీని విడిగా, అరుగుదలను విడిగా చూస్తే రెండూ మంచి వార్తలే. కలిపి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. టైర్లు నిజంగా అరిగిపోయి మామూలుగా మార్చిన బండి అయితే కొత్త తేదీ, కొత్త గ్రిప్పు ఉంటాయి, దాంట్లో అనుమానించాల్సింది లేదు.

మరి వేరే టైర్లు అంటే ఏ టైర్లు? ఇది తెలుసుకోవడానికి చక్రం పైన ఉండే ప్లాస్టిక్ లైనరు లోపల టార్చి వేశాను. స్టీరింగు పూర్తిగా తిప్పితే చక్రం వెనక అంచు చేరే చోట ప్లాస్టిక్ నున్నగా రాసుకుపోయి ఉంది. ఒక మూల బ్లేడుతో కోసినట్టు ఉంది, అంచు తిన్నగా లేదు. కంపెనీ సైజు టైరు అక్కడిదాకా చేరదు. చేరిందంటే అది పెద్ద టైరు.

పెద్ద టైరు వేస్తే నష్టమేమిటని అడుగుతారు. లెక్క చూద్దాం. థార్ పై వేరియంటుకు కంపెనీ ఇచ్చే టైరు 255/65 ఆర్ 18. దాని ఎత్తు దాదాపు 789 మిల్లీమీటర్లు. దాని బదులు 285/65 వేశారనుకోండి, ఎత్తు 828 దగ్గరికి వస్తుంది. తేడా దాదాపు అయిదు శాతం. చక్రం ఒక్కసారి తిరిగితే బండి ముందుకంటే అయిదు శాతం ఎక్కువ దూరం పోతుంది. కానీ మీటరు చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, దాన్నిబట్టి దూరం చూపిస్తుంది. కాబట్టి ఆ టైర్ల మీద 40 వేలు తిరిగినట్టు చూపించిందంటే అసలు తిరిగింది దాదాపు 42 వేలు. ఎవరూ మీటరు తిప్పకుండానే రెండు వేల కిలోమీటర్లు మాయమయ్యాయి. ఇది చిన్న సంగతే, దీనికోసం బండి వదిలెయ్యమని చెప్పను.

పెద్ద సంగతి ఏమిటంటే, అదే ఇంజన్, అదే గేర్లు ఇప్పుడు పొడవైన చక్రాన్ని, అదీ ఎక్కువ బరువున్న చక్రాన్ని తిప్పాలి. ఎత్తు మీద బండి కదిలించిన ప్రతిసారీ క్లచ్ ఎక్కువసేపు జారుతూ పట్టుకుంటుంది. బ్రేకుల కథా ఇంతే. లోపల బ్రేకు పట్టు మారలేదు, బయట చక్రం పెరిగింది. అదే నొక్కుడికి రోడ్డు దగ్గర అందే ఆపే శక్తి అయిదు శాతం తగ్గుతుంది. చక్రం బయటికి పొడుచుకొచ్చేలా వేస్తే, అంటే వెడల్పు రిమ్ములో స్పేసర్లో పెడితే, చక్రం బేరింగు మీద వంపు భారం కూడా పడుతుంది. ఆ బేరింగు రెండు నెలల్లో పాడవ్వదు. అందుకే వేయించుకున్న ఆయనకు అది తెలియదు. కొనుక్కున్న మీకు, ఏ పాతిక వేల కిలోమీటర్ల తర్వాతో, అరవై స్పీడు దాటితే కింద నుంచి వచ్చే హోరుగా తెలుస్తుంది.

పెద్ద టైరు పట్టాలంటే చాలామంది బండి ఎత్తు కూడా పెంచుతారు. కొత్త స్ప్రింగులు వేసి పెంచొచ్చు. లేదంటే ఖర్చు తగ్గించుకోవడానికి ఉన్న స్ప్రింగు సెట్టు పైన ఒక దిమ్మలాంటి స్పేసర్ బిగించి పెంచుతారు. థార్‌లో ముందు చక్రాలు దేనికది విడిగా ఊగేవి. బండి పైకి లేస్తే ముందు చక్రానికి పోయే డ్రైవ్ షాఫ్టు వంపు పెరుగుతుంది. ఫోర్ వీల్‌లో నడిపినప్పుడల్లా ఆ షాఫ్టు చివర జాయింటు కంపెనీ అనుకోని కోణంలో తిరుగుతుంది. జాయింటును కప్పి ఉంచే రబ్బరు బూటు మడతలు ఒకవైపు సాగి, ఒకవైపు నలిగి చివరికి చీలుతాయి. గ్రీజు బయటికి చిమ్ముతుంది, లోపలికి దుమ్ము పోతుంది.

కాబట్టి ఇలా ఎత్తు పెంచిన లిఫ్టు వేసి తీసేశారా లేదా అన్నది పైనుంచి చూస్తే తెలియదు. బండిని ర్యాంపు ఎక్కించాలి, లేదా గోతి మీద పెట్టాలి. మేము ఆ థార్‌ను ర్యాంపు ఎక్కించాం. మొదట చూసింది బోల్టులు. ఫ్యాక్టరీలో ముఖ్యమైన బోల్టు బిగించాక చాలాచోట్ల పెయింటుతో ఒక గీత గీస్తారు. గీత బోల్టు తల మీద మొదలై పక్కన లోహం మీదకు వస్తుంది. తర్వాత ఎవరైనా ఆ బోల్టు విప్పి బిగిస్తే గీత రెండు ముక్కలుగా విడిపోతుంది. మళ్లీ సరిగ్గా అదే చోట కలవడం చాలా అరుదు. ఈ బండిలో ముందు సస్పెన్షన్ పై బోల్టుల మీద గీతలు విడిపోయి ఉన్నాయి. బోల్టు తలల మూలల్లో పానా జారి నల్లపూత లేచిపోయింది. ఒకవైపు రెండు బోల్టులైతే రంగే వేరు, మిగతావాటి మీదున్న మూడేళ్ల మట్టి వాటి మీద లేదు. స్ప్రింగు పైభాగం షాసీకి ఆనే చోట గుండ్రంగా ఒక శుభ్రమైన వలయం ఉంది. అక్కడ ఏదో చాలాకాలం కూర్చుని, ఈమధ్యే లేచిపోయింది.

కుడివైపు షాఫ్టు బూటు చూపించి కుర్రాడిని వేలు పెట్టి తడమమన్నాను. వేలికి నల్లటి గ్రీజు అంటింది. మడత లోపల వెంట్రుకంత చీలిక ఉంది, పైపైన తుడిచేశారు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. బోల్టు విప్పిన గుర్తు ఉన్నంత మాత్రాన అమ్మేవాడు అబద్ధమాడినట్టు కాదు. షాక్ అబ్సార్బర్ కారితే మామూలు రిపేరులోనూ అవే బోల్టులు విప్పుతారు. తేడా ఎక్కడంటే, మామూలు రిపేరుకు బిల్లు ఉంటుంది. సర్వీస్ సెంటర్లో ఓనరు చేత అడిగిస్తే బండి మొదటి సర్వీసు నుంచి ఏ తేదీన, ఏ కిలోమీటరు దగ్గర, ఏం మార్చారో కాగితం తీసి ఇస్తారు. గుర్తుకు బిల్లు దొరికితే ఆ అనుమానం అక్కడితో తీరిపోతుంది. బిల్లు లేని గుర్తే మనం పట్టుకోవాల్సింది. ఈ బండి సర్వీసు చరిత్రలో సస్పెన్షన్ పని ఒక్కటీ లేదు.

తర్వాత బానెట్ ఎత్తాం. ఈ బండికి అదనపు లైట్లు కూడా పెట్టించి తీసేశారు గానీ, వాటి వైర్లు వెళ్లిన దారి మిగిలింది. కంపెనీ వైర్ల కట్ట మీద ముతక గుడ్డలాంటి టేపు ఉంటుంది, మెరవదు. బయట చేసే పనిలో మాత్రం ఎక్కువగా మెరిసే నల్ల ఇన్సులేషన్ టేపు వాడతారు. ఎండకు దాని జిగురు కారి వేలికి అంటుకుంటుంది. హెడ్‌లైట్ వైరు కట్టలో ఒకచోట ఈ టేపు చుట్టి ఉంది. విప్పి చూస్తే లోపల కంపెనీ వైరు ప్లాస్టిక్ చెక్కేసి, దానికి ఇంకో వైరు మెలిపెట్టి, తర్వాత కత్తిరించి వదిలేశారు. రాగి పచ్చబడింది. వానాకాలంలో నీళ్లు చేరి లైటు ఆరిపోవడం నుంచి షార్టు సర్క్యూట్ దాకా అక్కడ ఏదైనా జరగొచ్చు. లైట్లు పెట్టించుకోవడం తప్పని నేననను. రిలే పెట్టి, బ్యాటరీ నుంచి విడిగా ఫ్యూజుతో లైను లాగితే భయం లేదు. డబ్బు మిగుల్చుకోవడానికి ఉన్న వైరును గీకి కలిపిన పనే బండ్లు కాలిపోవడానికి దారితీస్తుంది.

ఇంజన్ పవరు పెంచడం ఇంకో రకం మార్పు. ఇది అన్నింటికంటే కష్టంగా దొరుకుతుంది, ఎందుకంటే కంటికి కనిపించేది ఏమీ ఉండదు. డీజిలు బండ్లలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి ట్యూనింగ్ బాక్సు. ఇంధనం ఒత్తిడి కొలిచే సెన్సరుకూ కంప్యూటరుకూ మధ్య అగ్గిపెట్టెకు కాస్త పెద్దగా ఉండే పెట్టె ఒకటి తగిలిస్తారు. అది ఒత్తిడి తక్కువగా ఉందని కంప్యూటరుకు తప్పుడు సమాచారం ఇస్తుంది. కంప్యూటరు నమ్మి ఒత్తిడి పెంచుతుంది. రెండోది రీమ్యాప్, అంటే కంప్యూటరులో ఉన్న ప్రోగ్రామునే మార్చేయడం. ఈ థార్ డీజిలు ఇంజన్ కంపెనీ లెక్క ప్రకారం 300 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. క్లచ్‌ను ఆ లెక్కకు తగ్గట్టు, కొంత వెసులుబాటుతో తయారుచేస్తారు. టార్క్‌ను ఇరవై శాతం పెంచితే 360 అవుతుంది. ఆ వెసులుబాటంతా అక్కడే ఖర్చయిపోతుంది. పైన చెప్పిన పెద్ద టైర్లు కూడా తోడైతే క్లచ్ రెండువైపుల నుంచీ నలుగుతుంది. టర్బో వేడి ఎక్కువవుతుంది, పొగ పెరుగుతుంది.

పెట్టె అయితే అయిదు నిమిషాల్లో ఊడదీయొచ్చు. సెన్సరు దగ్గర ప్లగ్గు క్లిప్పు విరిగి ఉందా, పక్కన పైపు మీద ప్లాస్టిక్ ట్యాగు కట్టిన గాటు ఉందా అన్నవి చూడటం తప్ప దానికి మార్గం లేదు. రీమ్యాప్‌కు మాత్రం ఇంకో దారి ఉంది. స్టీరింగు కింద, డ్రైవరు మోకాళ్ల దగ్గర ఓబీడీ అనే సాకెట్టు ఉంటుంది. బ్లూటూత్ స్కానరు దానికి పెడితే వివరాలు ఫోనులో కనిపిస్తాయి. వాటిలో "డిస్టెన్స్ సిన్స్ కోడ్స్ క్లియర్డ్" అనే లైను కోసం వెతకండి. కంప్యూటరులో పాత తప్పుల జాబితా చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అది చెప్తుంది. ప్రోగ్రామును మళ్లీ కంపెనీది ఎక్కించేటప్పుడు మామూలుగా ఆ జాబితా చెరిపేస్తారు. ఈ బండిలో ఆ అంకె 38 కిలోమీటర్లు. 46 వేలు తిరిగిన బండిలో, సరిగ్గా అమ్మకానికి పెట్టిన వారంలో జాబితా ఎవరు చెరిపారు, ఎందుకు చెరిపారు? సర్వీసులో చెరిపి ఉండొచ్చు, అప్పుడూ బిల్లు ఉంటుంది. అడిగితే అమ్మే ఆయన, "బ్యాటరీ మార్చాం సార్" అన్నారు. బ్యాటరీ మీద తేదీ చూశాను, రెండేళ్ల కిందటిది.

స్కానరులో ప్రోగ్రాము పేరు, దాని సరిచూపు సంఖ్య కూడా కనిపిస్తాయి. అదే మోడల్, అదే వెర్షను బండితో ఈ సంఖ్య పోలిస్తే మార్పు తెలియవచ్చు. కానీ దీన్ని పూర్తిగా నమ్మొద్దు. పని తెలిసినవాళ్లు ఆ సంఖ్యను కూడా పాతదే చూపించేలా పెట్టగలరు. నిర్ధారణ కావాలంటే కంపెనీ సర్వీస్ సెంటర్లో వాళ్ల యంత్రంతో చూపించాల్సిందే.

యంత్రాలు లేకున్నా క్లచ్ మాత్రం నిజం చెప్తుంది. ఖాళీ రోడ్డు మీద బండి వేడెక్కాక మూడో గేరులో నలభై స్పీడు దగ్గర యాక్సిలేటరు ఒక్కసారిగా పూర్తిగా నొక్కాం. ఇంజన్ చుట్లు చూపించే ముల్లు రివ్వున పైకి పోయింది, బండి మాత్రం వెంట రాలేదు. రెండు సెకన్ల తర్వాత పట్టుకుంది. అంటే క్లచ్ జారుతోంది. ఊళ్లో నెమ్మదిగా తిప్పి చూపిస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. అందుకే అమ్మేవాళ్లు ట్రయలు ఎప్పుడూ వీధి చివరిదాకానే ఇస్తారు.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా ఓనరు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించే వీలు కలిగింది. రంగు మార్చడం, గ్యాస్ కిట్టు పెట్టించడం లాంటివి రవాణా శాఖకు చెప్పి ఆర్‌సీలో రాయించుకోవాలి. అందుకే ఆర్‌సీ చేతిలో పట్టుకుని బండి చుట్టూ తిరగండి. రంగు, ఇంధనం, సీట్ల సంఖ్య, ఇంజను నంబరు, షాసీ నంబరు ఒక్కొక్కటీ చదివి పోల్చండి. పెట్రోలు అని రాసున్న కారు డిక్కీలో గ్యాస్ సిలిండరు బిగించిన రంధ్రాలు కనిపిస్తే, ఆ కిట్టు కాగితాలు లేకుండా పెట్టి, కాగితాలు లేకుండా తీశారని అర్థం. రేపు తనిఖీలో ఆపినప్పుడు జవాబు చెప్పాల్సింది ఆర్‌సీ మీద పేరున్న మీరే. పాత ఓనరు చేశాడని అక్కడ చెప్పుకోవడం తేలిక కాదు.

ఇన్సూరెన్స్ దగ్గర ఇది ఇంకా బాధ పెడుతుంది. పాలసీ రాసింది కంపెనీ బండి అని నమ్మి. యాక్సిడెంట్ తర్వాత సర్వేయరు వచ్చి, చెప్పని మార్పు చూసి, ప్రమాదానికి అదీ ఒక కారణం అని రాస్తే మీ బండి రిపేరు డబ్బుకు కోత పడొచ్చు, అసలే రాకపోవచ్చు. కాలిపోయిన బండిలో మొదట వెతికేది బయట చేయించిన వైరింగునే.

ఆ రోజు దగ్గరికి వస్తాను. చూసినవన్నీ వరసగా చెప్పాక అమ్మే ఆయన కాసేపు ఊరుకుని, "ముందు ఓనరు లిఫ్టు, టైర్లు వేయించాడు సార్, మేమే తీయించాం. అలా ఉంటే ఎవరూ కొనరు కదా" అన్నారు. రీమ్యాప్ గురించి మాత్రం తనకు తెలియదన్నారు. క్లచ్ సెట్టు, షాఫ్టు జాయింటు, వైరింగు పని, నాలుగు చక్రాల బేరింగుల చెకింగు కలిపి లెక్క వేస్తే, కుర్రాడు బేరంలో తగ్గించగలిగినదానికంటే ఎక్కువే తేలింది. ఆ బండి వద్దనుకుని వెళ్లిపోయాడు. నెల తర్వాత ఇంకో థార్ తెచ్చాడు. దానికి లిఫ్టు అలాగే ఉంది. టైర్లూ పెద్దవే. కానీ ఓనరు ఫైలులో ప్రతి పనికీ బిల్లు ఉంది, ఏ దుకాణంలో, ఏ కిలోమీటరు దగ్గర అన్నది రాసి ఉంది, కంపెనీ సామాను గోనెసంచుల్లో వెనక పెట్టి తెచ్చాడు. దానికి క్లచ్ బాగుంది, బూట్లు బాగున్నాయి. లిఫ్టు, పెద్ద టైర్లు తీయించి, కంపెనీ సామాను వేయించి కొనుక్కోమన్నాను.

ఇక డబ్బు ఇచ్చేముందు చేయాల్సిన పని ఒకటి. అమ్మకం కాగితంలో మామూలుగా "బండిని ఉన్నది ఉన్నట్టు తీసుకుంటున్నాను" అని ఒక వాక్యం రాయిస్తారు. ఆ వాక్యం అమ్మేవాడిని కాపాడుతుంది. దాని కింద ఇంకో వాక్యం మీరు రాయించండి: "ఈ బండికి ఇప్పటిదాకా సస్పెన్షన్, టైరు సైజు, ఇంజన్ ప్రోగ్రాము, వైరింగు, ఇంధనం విషయంలో జరిగిన మార్పులు, తీసివేతలు ఇవి" అని. ఒక్కొక్కటీ రాయించి, ఏమీ లేకపోతే "ఏవీ లేవు" అని రాయించి, సంతకం తీసుకోండి. నిజంగా ముట్టుకోని బండి అమ్మేవాడు ఈ సంతకానికి వెనకాడడు. వెనకాడితే బండిని ఇంకోసారి ర్యాంపు ఎక్కించండి. సంతకం అయ్యాక ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చుకోవడానికి పద్నాలుగు రోజుల్లోగా దరఖాస్తు పెట్టండి. బండికి మిగిలి ఉన్న మార్పులు ఏవైనా ఉంటే ఆ దరఖాస్తులోనే రాసి, అందినట్టు రసీదు తీసుకోండి.